ఆడిటర్ చేతికి ఒక్క ఏడాది ఫోల్డర్

ఆదాయపు పన్ను రిటర్ను వేయించుకోవడానికి కావలసిన కాగితాలు ఇప్పుడు చాలా ఇళ్లలో బీరువాలో కన్నా గూగుల్ డ్రైవ్‌లోనే ఎక్కువ ఉంటున్నాయి. ఫారం 16 మెయిల్లో వస్తుంది. బ్యాంకు వడ్డీ సర్టిఫికెట్ యాప్‌లోంచి దిగుతుంది. మ్యూచువల్ ఫండ్ల లాభనష్టాల పట్టిక పీడీఎఫ్‌గా చేతికొస్తుంది. వీటిని ఆడిటర్‌కు అందించడానికి రెండు దారులున్నాయి. ఒకటి, వాట్సాప్‌లోనో మెయిల్లోనో ఒక్కొక్క ఫైలూ పంపడం. రెండోది, అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఆ ఫోల్డర్ చూసే అనుమతి ఆయనకు ఇవ్వడం. పైకి ఒకేలా కనిపించినా ఈ రెండిటికీ పెద్ద తేడా ఉంది. వాట్సాప్‌లో వెళ్లేది ఫైలు నకలు. ఆడిటర్ ఫోన్‌లోకి దిగాక ఆ నకలు మీద పంపినవారికి పట్టు ఉండదు. ఫోల్డర్ విషయంలో వెళ్లేది అనుమతి మాత్రమే. అసలు ఫైలు సొంతదారు దగ్గరే ఉంటుంది, అనుమతిని పని అయ్యాక వెనక్కి తీసుకోవచ్చు. అలా తీసుకోవడం సులువుగా జరగాలంటే ఇచ్చేటప్పుడే ఫోల్డర్‌ను సరిగా కట్టుకోవాలి.

కాకినాడలో ఒక ప్రైవేటు కాలేజీ లెక్చరర్ ఉన్నారనుకుందాం. 2024-25 ఆర్థిక సంవత్సరంలో ఆయనకు జీతం వచ్చింది, ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద కొంత వడ్డీ వచ్చింది, ఈక్విటీ ఫండ్ అమ్మితే 18,000 రూపాయల స్వల్పకాలిక నష్టం వచ్చింది. ఆ నష్టాన్ని ముందు సంవత్సరాలకు తీసుకెళ్లాలంటే ఐటీఆర్-1 పనికిరాదు, గడువులోపల ఐటీఆర్-2 వేయాలి. ఆ ఏడాది రిటర్ను గడువును ముందు జూలై 31 నుంచి సెప్టెంబరు 15కు, చివర్లో మరో రోజు కలిపి 2025 సెప్టెంబరు 16కు పొడిగించారు. లెక్చరర్ జూలైలోనే కాగితాలన్నీ సర్దుకుని ఆడిటర్‌కు అప్పగించాలనుకున్నారు.

ఆయన డ్రైవ్‌లో `Tax` అని ఒక పెద్ద ఫోల్డర్ ఉంది. అందులో గత ఆరేళ్ల కాగితాలతో పాటు ఇంటి రిజిస్ట్రేషన్ దస్తావేజు, పాలసీ బాండ్లు, భార్య బ్యాంకు స్టేట్‌మెంట్లు కూడా ఉన్నాయి. చాలామంది చేసే మొదటి పొరపాటు ఈ పెద్ద ఫోల్డర్‌నే షేర్ చేసేయడం. డ్రైవ్‌లో అనుమతి పైనుంచి కిందికి పారుతుంది. పై ఫోల్డర్ చూసే హక్కు ఉన్నవారికి మామూలుగా లోపలి ఫోల్డర్లూ ఫైళ్లూ అన్నీ కనిపిస్తాయి. ఆ రోజు ఉన్నవే కాదు, ఆరు నెలల తరువాత అందులో వేసేవి కూడా కనిపిస్తాయి. వచ్చే ఫిబ్రవరిలో లెక్చరర్ తన కొత్త స్థలం అగ్రిమెంటు స్కాన్ చేసి `Tax` లో వేస్తే, ఎవరూ ఏమీ నొక్కకుండానే అది ఆడిటర్ కంటబడుతుంది.

అందువల్ల ఏడాదికొక ఫోల్డర్ విడిగా చేసి, దాన్ని మాత్రమే షేర్ చేయాలి. లెక్చరర్ ఉదాహరణలో దాని పేరు `AY 2025-26`. 2024-25లో వచ్చిన ఆదాయానికి అసెస్‌మెంట్ సంవత్సరం 2025-26 అవుతుంది. ఆడిటర్లు ఈ పేరుతోనే మాట్లాడతారు కాబట్టి ఫోల్డర్‌కూ ఇదే పెడితే గందరగోళం ఉండదు. మిగిలిన పాత సంవత్సరాలు, ఆస్తి కాగితాలు `Tax` లో దాని పక్కనే ఉంటాయి గాని షేర్ చేసిన ఫోల్డర్‌కు బయట ఉంటాయి. అనుమతి పక్కకు పారదు కాబట్టి అవి ఆడిటర్‌కు కనిపించవు.

తరువాతి ప్రశ్న ఆ ఫోల్డర్‌లో ఏం పెట్టాలన్నది. ఇక్కడ ధారాళంగా ఉండాల్సిన పని లేదు. లెక్చరర్‌కు కావలసింది ఫారం 16, వడ్డీ సర్టిఫికెట్, ఫండ్ లాభనష్టాల పట్టిక, ఫారం 26ఏఎస్, ఏఐఎస్ అని పిలిచే వార్షిక సమాచార పత్రం. వడ్డీ ఎంతో తెలియడానికి బ్యాంకు వడ్డీ సర్టిఫికెట్ ఒక పేజీ చాలు. పన్నెండు నెలల స్టేట్‌మెంటు పెడితే ఎవరికెంత పంపారు, ఏ ఆసుపత్రిలో ఎంత కట్టారు అన్నది కూడా అందులో చదివేయవచ్చు. ఆధార్ కాపీ నిజంగా అవసరమైతే, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ఉడాయ్ వెబ్‌సైటు నుంచి దించుకోవచ్చు.

పాన్ కార్డు విషయంలో ఒక చిక్కుంది. ఏఐఎస్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది కదా, ఎవరు తెరవగలరు అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ పాస్‌వర్డ్ తయారయ్యే పద్ధతి అందరికీ తెలిసిందే: చిన్న అక్షరాల్లో పాన్ నంబరు, దాని వెనకే పుట్టిన తేదీ, నెల, సంవత్సరం. పాన్ `AAAAA1234A`, పుట్టిన రోజు 1991 జనవరి 21 అయితే పాస్‌వర్డ్ ఇలా ఉంటుంది:

```
aaaaa1234a21011991
```

పాన్ నంబరూ పుట్టిన తేదీ రెండూ పాన్ కార్డు మీదే ఉంటాయి. ఆ కార్డు ఫోటోను ఏఐఎస్ ఉన్న ఫోల్డర్‌లోనే పెడితే, పెట్టె మీదే తాళంచెవి పెట్టి వదిలినట్టే. ఏళ్ల తరబడి రిటర్నులు వేస్తున్న ఆడిటర్ దగ్గర పాన్ నంబరు ఎలాగూ ఉంటుంది. కార్డు ఫోటో ఫోల్డర్‌లో పెట్టనక్కరలేదు.

ఇక షేర్ చేయడం. ఫోల్డర్ మీద కుడి మౌస్ బటన్ నొక్కి `Share` ఎంచుకుంటే ఒక పెట్టె తెరుచుకుంటుంది. అందులో రెండు భాగాలుంటాయి. పై భాగంలో మెయిల్ ఐడీ రాసి ఫలానా వ్యక్తికి అనుమతి ఇస్తారు. కింద `General access` అన్న చోట `Restricted`, `Anyone with the link` అని ఉంటాయి. రెండోది ఎంచుకుంటే ఆ లింకు ఎవరి చేతిలో ఉంటే వారందరూ ఫోల్డర్ చూడగలరు. ఎవరు చూశారో పేరు కూడా తెలియదు. ఆడిటర్ గారు లింకు తన అసిస్టెంటుకు వాట్సాప్‌లో పంపితే, అతను ఇంకో గ్రూపులో పొరపాటున వేస్తే, ఆ దారి ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. పన్ను కాగితాలకు ఎప్పుడూ `Restricted` ఉంచి, మెయిల్ ఐడీ రాసి ఇవ్వడమే మేలు. పేరు పెట్టి ఇచ్చినదాన్ని పేరు పెట్టి తీసేయవచ్చు.

మెయిల్ ఐడీ దగ్గర కాస్త ఆగి చూసుకోవాలి. మొదటి నాలుగు అక్షరాలు కొట్టగానే జీమెయిల్ మిగతాది తనే పూరిస్తుంది, అదే పేరున్న పాత విద్యార్థి ఐడీ పడిపోయే అవకాశం ఉంది. ఆడిటర్ ఆఫీసులో అందరూ వాడే ఉమ్మడి ఐడీ ఒకటి ఉంటే, పని మానేసి వెళ్లిన గుమాస్తా ఫోన్‌లో కూడా అది లాగిన్ అయి ఉండవచ్చు. "సార్, మీ ఫైలు చూసేవారి సొంత ఐడీ ఏదండీ?" అని ఫోన్ చేసి అడగడంలో మొహమాటం అక్కరలేదు.

ఐడీ రాశాక పక్కన హోదా ఎంచుకోవాలి. `Viewer` అంటే చూడగలరు, మార్చలేరు. `Commenter` అంటే వ్యాఖ్య రాయగలరు. `Editor` అంటే ఫైళ్లు చేర్చగలరు, మార్చగలరు, తీసేయగలరు, మామూలుగా ఇంకొకరికి షేర్ కూడా చేయగలరు. ఆడిటర్‌కు కాగితాలు చూడటానికి `Viewer` సరిపోతుంది. అంతకు మించి ఇవ్వడానికి కారణం లేదు.

చూసేవారు దించుకోకుండా, ప్రింటు తీయకుండా, నకలు చేసుకోకుండా ఆపే సెట్టింగు కూడా డ్రైవ్‌లో ఉంది. ఫైలు షేర్ పెట్టెలో పైన ఉన్న చక్రం గుర్తు నొక్కితే కనిపిస్తుంది. దీన్ని అన్నిటికీ పెట్టేస్తే ఆడిటర్ పని ఆగిపోతుంది. ఫండ్ పట్టికలోని అంకెలు తన సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకోవాలంటే ఫైలు దించుకోవాల్సిందే. ఆధార్ కాపీ లాంటి, ఒకసారి చూస్తే చాలనిపించే ఫైలుకు మాత్రం పెట్టుకోవచ్చు. దీన్ని గట్టి అడ్డుగోడ అనుకోకూడదు. తెర మీద కనిపించే దేన్నయినా స్క్రీన్‌షాట్ తీయవచ్చు.

అనుమతికి ముందే గడువు పెట్టి, ఆ తేదీకి దానంతటదే పోయేలా చేసే వీలు కూడా గూగుల్‌లో ఉంది. అయితే అది అర్హత ఉన్న ఆఫీసు, విద్యాసంస్థల ఖాతాలకు ఇచ్చే సౌకర్యం. మామూలు ఉచిత జీమెయిల్ ఖాతాలో ఆ గడువు ఎంపిక దొరకదు. అందుకే లెక్చరర్ అనుమతి ఇచ్చిన రోజే ఫోన్ క్యాలెండర్‌లో "ఆడిటర్ ఫోల్డర్ మూయాలి" అని ఒక రిమైండర్ పెట్టుకున్నారు.

ఇంతవరకూ కాగితాలు ఒకవైపే వెళ్తున్నాయి. ఆడిటర్ దగ్గర నుంచి కూడా కొన్ని రావాలి: ఆదాయం లెక్క వేసిన కంప్యుటేషన్ షీటు, వేసిన రిటర్ను, ఐటీఆర్-వి రసీదు. వీటిని కూడా ఆ ఫోల్డర్‌లోనే పెట్టమని అడగాలంటే `Editor` హోదా ఇవ్వాలి. లెక్చరర్ ఏం చేశారంటే, `AY 2025-26` లోపల `From Auditor` అని చిన్న ఫోల్డర్ చేసి, దానికి మాత్రమే `Editor` ఇచ్చారు. మిగతాదంతా చూడటానికే. చక్రం గుర్తు కింద, ఎడిటర్లు ఇతరులకు షేర్ చేయవచ్చన్న టిక్కును కూడా తీసేశారు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. సొంత ఖాతాల మధ్య షేర్ అయిన ఫోల్డర్‌లో ఎవరు ఫైలు వేస్తే ఆ ఫైలు వారిదే అవుతుంది. ఫోల్డర్ లెక్చరర్‌దే అయినా, అందులో ఆడిటర్ వేసిన కంప్యుటేషన్ షీటుకు సొంతదారు ఆడిటర్. వచ్చే ఏడాది ఆయన తన డ్రైవ్ నిండిపోయిందని పాత ఫైళ్లు తుడిచేస్తే, లెక్చరర్ ఫోల్డర్‌లోంచి కూడా అది మాయమవుతుంది. అందువల్ల అనుమతి తీసేయడానికి ముందే, ఆడిటర్ వేసిన ప్రతి ఫైలునూ తన కంప్యూటర్‌లోకి దించుకుని, తిరిగి తన పేరిట ఎక్కించుకోవాలి. ఫైలు వివరాల్లో `Owner` దగ్గర `me` అని ఉందో లేదో చూస్తే పని అయిందీ లేనిదీ తెలిసిపోతుంది.

ఎప్పుడు తీసేయాలి? రిటర్ను వేసిన రోజే తొందరపడితే పని మధ్యలో ఆగుతుంది. వేసిన రిటర్నును 30 రోజుల్లోపల ఈ-వెరిఫై చేయాలి, అప్పుడే అది చెల్లుతుంది. ఆ తరువాత సెక్షన్ 143(1) కింద ఇంటిమేషన్ వస్తుంది. దానికి చట్టం ఇచ్చిన గడువు చాలా పెద్దది. రిటర్ను వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక ఇంకా తొమ్మిది నెలలు. 2025 ఆగస్టులో వేసిన రిటర్నుకు ఆ గడువు 2026 డిసెంబరు 31 వరకు ఉంటుంది. ఒక ఇంటిమేషన్ కోసం అంతకాలం ఫోల్డర్ తెరిచి ఉంచడం దండగ. ఈ-వెరిఫై పూర్తయి, ఆడిటర్ ఇవ్వాల్సినవన్నీ ఇచ్చేశాక మూసేయడమే సబబు. నోటీసు వస్తే అదే ఫోల్డర్‌ను ఆ పని కోసం మళ్లీ పది రోజులు తెరవవచ్చు, దానికి నిమిషం కూడా పట్టదు. లెక్చరర్ ఆగస్టు 10న రిటర్ను వేయించి, అదే రోజు ఆధార్ ఓటీపీతో తనే వెరిఫై చేసుకుని, నెలాఖరుకు మూసేశారు.

మూయడం ఇలా. ఫోల్డర్ మీద మళ్లీ `Share` తెరిచి, ఆడిటర్ పేరు పక్కన హోదా నొక్కితే చివర `Remove access` కనిపిస్తుంది. అది ఎంచుకుని `Save` నొక్కాలి. `Save` మరచిపోయి పెట్టె మూసేస్తే మార్పు జరగదు, పేరు అలాగే ఉండిపోతుంది. తరువాత `From Auditor` ఫోల్డర్‌ను కూడా విడిగా తెరిచి చూడాలి. అక్కడ విడిగా హోదా ఇచ్చారు కాబట్టి, పైన తీసేస్తే కిందది దానంతటదే పోయిందని నమ్మి వదలకూడదు.

అసలు చిక్కు విడి ఫైళ్ల దగ్గర వస్తుంది. జూలైలో ఒక సాయంత్రం ఆడిటర్ ఫోన్ చేసి "మాస్టారూ, హోమ్ లోన్ సర్టిఫికెట్ ఒకటి పంపండి" అంటే, లెక్చరర్ ఫోల్డర్ సంగతి మరచి జీమెయిల్లో డ్రైవ్ ఫైలు జతచేసి పంపారు. పంపేటప్పుడు ఎదుటివారికి ఈ ఫైలు చూసే అనుమతి లేదు, ఇవ్వమంటారా అని జీమెయిల్ అడిగింది, ఆయన సరేనన్నారు. ఆ క్షణాన ఆ ఒక్క ఫైలుకు నేరుగా ఒక అనుమతి పుట్టింది. ఫోల్డర్ అనుమతి తీసేసినా అది చావదు. అలాంటివి ఎన్ని ఉన్నాయో గుర్తుపెట్టుకోవడం ఎవరి వల్లా కాదు. డ్రైవ్ వెతుకు పెట్టెలో ఆడిటర్ ఐడీతో ఇలా రాస్తే, ఆయనకు షేర్ చేసినవి బయటపడతాయి:

```
to:auditor@example.com
```

లెక్చరర్‌కు ఇలా వెతికితే మూడు ఫైళ్లు తేలాయి. ఒకటి ఆ లోన్ సర్టిఫికెట్, రెండు 2022 నాటి బ్యాంకు స్టేట్‌మెంట్లు. మూడేళ్లుగా అవి తెరిచే ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ తెరిచి పేరు తీసేసి, `General access` లో `Restricted` ఉందో లేదో చూసుకున్నారు.

చివరగా ఒక పరీక్ష చేయాలి. ఫోల్డర్ లింకు కాపీ చేసుకుని, బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి అందులో అతికించాలి. లాగిన్ అవ్వమని అడిగితే లింకు దారి మూసుకున్నట్టు. లోపలి ఫైళ్లు నేరుగా కనిపిస్తే ఎక్కడో `Anyone with the link` మిగిలిపోయిందన్నమాట. అయితే ఈ పరీక్ష లింకు దారిని మాత్రమే చూపుతుంది. ఆడిటర్ పేరిట అనుమతి మిగిలిందా లేదా అన్నది షేర్ పెట్టెలో పేర్ల జాబితా చూసి తేల్చుకోవలసిందే.

ఇంత చేసినా వెనక్కి రానిది ఒకటుంది. ఆడిటర్ తన కంప్యూటర్‌లోకి దించుకున్న ఫైళ్లు, తన డ్రైవ్‌లో చేసుకున్న నకళ్లు ఆయన దగ్గరే ఉంటాయి. వాటిలో కొన్నిటిని ఆయన తన రికార్డు కోసం ఉంచుకోవడంలో తప్పు కూడా లేదు. చార్టర్డ్ అకౌంటెంట్ అయితే, పనిలో భాగంగా తెలిసిన క్లయింటు సమాచారాన్ని సమ్మతి లేకుండా బయటపెట్టడం 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్స్ చట్టం రెండో షెడ్యూలు ప్రకారం వృత్తిపరమైన దుష్ప్రవర్తన. ఊళ్లో ఆడిటర్ అని పిలిపించుకునే ప్రతివారూ చార్టర్డ్ అకౌంటెంట్ కారు. టాక్స్ ప్రాక్టీషనర్లు, అకౌంటు పుస్తకాలు రాసేవారు కూడా రిటర్నులు వేస్తుంటారు, వారికి ఈ చట్టం వర్తించదు. ఫోల్డర్‌లో ఏం పెట్టాలన్న దగ్గరే పిసినారిగా ఉండాలనడానికి ఇదే కారణం. అసలు పెట్టని కాగితాన్ని వెనక్కి తెచ్చుకునే బెంగ ఉండదు.

ఫోల్డర్ మూసినా ఇంకో పెద్ద తలుపు తెరిచి ఉండవచ్చు. అది ఆదాయపు పన్ను ఈ-ఫైలింగ్ పోర్టల్. చాలామంది లాగిన్ పాస్‌వర్డును ఆడిటర్‌కే వదిలేస్తారు. అందులో అన్నేళ్ల రిటర్నులూ, ఏఐఎస్‌లూ, రీఫండ్ పడే బ్యాంకు ఖాతా వివరాలూ ఉంటాయి. ఒక్క ఏడాది ఫోల్డర్‌ను ఇంత జాగ్రత్తగా వేరు చేసి, ఇది వదిలేస్తే చేసిన శ్రమంతా వృథా. పని అయ్యాక పాస్‌వర్డు మార్చాలి. దానికన్నా ముందు `My Profile` లో సంప్రదింపు వివరాలు చూడాలి. ఖాతా తెరిచిన రోజుల్లో ఆడిటర్ తన మొబైల్ నంబరో, మెయిల్ ఐడీనో అక్కడ వేసి ఉంటే, ఓటీపీలూ నోటీసులూ అటే వెళ్తాయి. పాస్‌వర్డు మార్చినా ఆ ఓటీపీతో మళ్లీ కొత్తది పెట్టుకోవచ్చు. లెక్చరర్ ప్రొఫైల్లో మొబైల్ తనదే ఉంది గాని మెయిల్ ఐడీ ఆడిటర్ ఆఫీసుది. దాన్ని మార్చి, తన ఫోన్‌కు వచ్చిన ఓటీపీతో ఖాయం చేసుకున్నారు. పోర్టల్లోనే `e-Filing Vault Higher Security` అన్న చోట, పాస్‌వర్డు ఒక్కటే చాలకుండా ఆధార్ ఓటీపీ లాంటి రెండో ఆధారం అడిగేలా కూడా పెట్టుకోవచ్చు.

మూసిన ఫోల్డర్ లింకు ఆడిటర్ మెయిల్లో అలాగే పడి ఉంటుంది. వచ్చే ఏడాది జూన్‌లో ఆయనో ఆయన అసిస్టెంటో దాన్ని నొక్కితే, అనుమతి లేదని చెప్పి, కోరమంటూ ఒక బటన్ చూపిస్తుంది. అది నొక్కగానే ఫోల్డర్ సొంతదారుకు మెయిల్ వస్తుంది. పేరు తెలిసినదే కదా అని ఆ మెయిల్లో అనుమతి ఇచ్చేస్తే, పాత ఫోల్డర్ మొత్తం మళ్లీ తెరుచుకుంటుంది. అడిగే కారణం సాధారణంగా న్యాయమైనదే అయి ఉంటుంది. లెక్చరర్ 18,000 నష్టాన్ని ఎనిమిది అసెస్‌మెంట్ సంవత్సరాల వరకు ముందుకు తీసుకెళ్లవచ్చు, కాబట్టి కొత్త రిటర్ను వేసేటప్పుడు పాతది చూడాల్సి వస్తుంది. అందుకు పాత ఫోల్డర్ తెరవనక్కరలేదు. నష్టం నమోదైన ఆ రిటర్ను నకలు ఒక్కటి `AY 2026-27` అన్న కొత్త ఫోల్డర్‌లో వేసి, మెయిల్లో వచ్చిన అభ్యర్థనను అలాగే వదిలేసి, కొత్త ఫోల్డర్‌కు అనుమతి ఇస్తే సరిపోతుంది.